భజన వీడియోలు, ఫొటోల గురించి సభ్యులకు నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మృదంగం_వాసు
తిరుపతిలో మా కాలనీ రాములవారి గుడిలో భజన మండలి ఉంది. సభ్యులు నలభై మందికి పైనే. ధనుర్మాసం వస్తోంది కదా, ఫొటోలు, వీడియోల సంగతి సభ్యులకు తెలిసేలా ఒక కాగితం రాసి పెట్టమని కమిటీ నాకు అప్పజెప్పింది.

నిరుడు ఒక బోర్డు పెట్టాం. "ఆలయములో ఫొటోలు, వీడియోలు తీయరాదు. అతిక్రమించిన వారి ఫోన్లు స్వాధీనం చేసుకొనబడును" అని. మూడో రోజుకల్లా పదకొండేళ్లుగా మాకు పల్లవి ఎత్తుకునే అక్క రావడం మానేసింది. ఇంటికెళ్లి అడిగితే, "నేనేం దొంగతనం చేశానని నా ఫోన్ లాక్కుంటారు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. బోర్డు తీసేశాం. తీసేసిన తర్వాత కూడారై రోజున జరగకూడనిది జరిగింది.

విషయం గట్టిగా చేరాలి, మనిషి మనసు మాత్రం విరగకూడదు. రెండు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నా, చేయి ఆడటం లేదు. మీ గుళ్లలో ఎలా చెప్తున్నారు?

అలిపిరి_నడక
ఇంత ఆలోచన ఎందుకు? కొండ మీద గుడి లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కౌంటర్లో ఇస్తాం, దర్శనమయ్యాక తెచ్చుకుంటాం. ఎవరైనా అలిగి దర్శనం మానేశారా? 2025లో గుడి ముందు రీల్స్ చేయొద్దని కూడా టీటీడీ గట్టిగానే చెప్పింది. మీరూ గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టండి, సరిపోతుంది.

చిత్తూరు_రమణి
బుట్ట పెడితే మా అమ్మ సంగతేంటి అన్నా? తుంటి ఎముక విరిగి ఏడాదిన్నరగా మంచం మీదే ఉంది. మా వీధి గుడి భజన మా తమ్ముడు ఫోన్‌లో లైవ్ పెడతాడు. పొద్దున అయిదింటికే లేచి, తల దువ్వించుకుని, బొట్టు పెట్టించుకుని ఫోన్ ముందు కూర్చుంటుంది. హారతి ఇచ్చేటప్పుడు ఫోన్‌కే కళ్లకద్దుకుంటుంది. అది ఆపేయమని చెప్పే నోరు నాకైతే లేదు.

అలిపిరి_నడక
అక్కా, మీ అమ్మగారి గురించి నేనేమీ అనలేదు. అందరూ ఫోన్లు పైకెత్తి నిలబడితే వెనకాల ఉన్నవాళ్లకు స్వామి కనపడడు, అదీ నా బాధ. పోయిన సంవత్సరం మా గుళ్లో హారతి పళ్లెం పట్టుకొచ్చే అర్చక స్వామి కళ్లల్లోకి ఎవరో ఫోన్ లైటు కొట్టారు. పాపం కాలు తడబడి, కాలే కర్పూరం గడప మీద పడింది. పక్కనే చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు.

లడ్డు_కౌంటర్
300 రూపాయల టికెట్ క్యూలోకి ఫోన్ తీసుకెళ్లొచ్చా? ఎక్కడ డిపాజిట్ చేయాలి?

అలిపిరి_నడక
@లడ్డు_కౌంటర్ ఇక్కడ మాట్లాడుతున్నది కాలనీ గుడి సంగతి తమ్ముడూ. క్యూలోకి వెళ్లేముందే డిపాజిట్ కౌంటర్ ఉంటుంది, అక్కడ ఇచ్చి రసీదు తీసుకో.

గాజులమండ్యం_కుర్రోడు
నాకు అర్థం కాక అడుగుతున్నా. గుడి అందరిదీ. అందరికీ కనిపించేదాన్నే కదా తీస్తున్నాం. దేవుణ్ణి నలుగురికీ చూపిస్తే పుణ్యమే గానీ తప్పెలా అవుతుంది?

మృదంగం_వాసు
@గాజులమండ్యం_కుర్రోడు లైవ్ పెట్టిన మా కుర్రాడూ ఇదే అనుకున్నాడు తమ్ముడూ. అందుకే జరిగింది చెప్తాను.

కూడారై అంటే ఇరవయ్యేడో పాశురం రోజు. గుడి కిటకిటలాడుతోంది. అక్కారవడిసల్ గిన్నె దించగానే నెయ్యి వాసన వీధి మొదటి దాకా వచ్చింది. మావాడు సంతోషంతో ఫోన్ తీసి లైవ్ పెట్టాడు. ముందు స్వామిని చూపించాడు, తర్వాత పాడేవాళ్లను, ఆ తర్వాత "ఎంతమంది వచ్చారో చూడండి" అంటూ ఫోన్‌ను మెల్లగా వరసల మీదుగా తిప్పాడు. మూడో వరసలో ఒకమ్మాయి ఉంది. అత్తింట్లో దెబ్బలు తట్టుకోలేక వచ్చి, మా కాలనీలో వాళ్లక్క దగ్గర తలదాచుకుంటోంది. ఆ సంగతి మాలో ఇద్దరికే తెలుసు. ఆమె ముఖం ఆ వీడియోలో నాలుగైదు సెకన్లు ఉంది, అంతే.

నాలుగో రోజున ముగ్గురు మగవాళ్లు గుడి దగ్గరికొచ్చి, ఫోన్‌లో ఆ బొమ్మ చూపించి, "ఈమె ఇల్లెక్కడ?" అని పూలమ్మే అవ్వను అడిగారు. అవ్వ తెలివైనది, తెలీదంది. ఆ రాత్రికే ఆ పిల్ల ఊరు వదిలి వెళ్లిపోయింది. లైవ్ పెట్టిన కుర్రాడు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. వాడు చెడ్డవాడు కాదు. ఎవరినో తీస్తున్నాననే ఆలోచనే వాడికి లేదు, దేవుణ్ణి చూపిస్తున్నాననుకున్నాడు.

గాజులమండ్యం_కుర్రోడు
ఇది తెలీక అడిగాను అన్నా. నేను కూడా జనం ఎంతమంది ఉన్నారో చూపించడానికి అట్లే తిప్పుతుంటాను.

పసుపు_గడప
చదువుతుంటే గుండె దడదడలాడింది. ఆ అమ్మాయి క్షేమమేనా?

మృదంగం_వాసు
క్షేమంగానే ఉందమ్మా. అంతకుమించి ఇక్కడ రాయను.

హారతి_కెమెరా
ఆరేళ్లుగా మా చిత్తూరు గుడి వీడియోలు నేనే చూసుకుంటున్నాను. వాసూ, మీ పాత బోర్డులో మర్యాద తక్కువైందన్నది ఒక లోటు. అంతకన్నా పెద్ద లోటు, అది ఆ కుర్రాడికి అర్థమయ్యే మాట కాకపోవడం. "తీయరాదు" అని ఉంటే చదివినవాడు "ఫ్లాష్ కొట్టొద్దేమో, మూలవిరాట్టును తీయొద్దేమో" అనుకుంటాడు. జనం మీదుగా ఫోన్ తిప్పితే ఒకరి చిరునామా బయటపడుతుందని ఆ మాటలో ఎక్కడుంది?

నేను నేర్చుకున్నది ఇది. ఎక్కడి నుంచి తీయొచ్చు, ఎప్పుడు తీయొచ్చు, ఎవరు తీస్తారు అన్న మూడూ ముందు చెప్పేయాలి. దారి చూపించాక, పక్కకు వెళ్లొద్దని విడిగా చెప్పే పని పెద్దగా ఉండదు. చెప్పిన ప్రతిదానికీ కారణం కూడా ఒక్క వాక్యంలో చెప్పాలి. మా గుళ్లో "హారతి అయ్యాక పది నిమిషాలు ఉత్సవమూర్తుల ముందు మీ ఇంటిల్లిపాదీ నిలబడి ఫొటోలు దిగండి" అని చెప్పడం మొదలుపెట్టాక, హారతి సమయంలో లేచే ఫోన్లు వాటంతట అవే తగ్గాయి. జనానికి ఒక ఫొటో కావాలి. అది దొరుకుతుందని తెలిస్తే తొందరపడరు.

తాళం_చిప్పలు
పది నిమిషాల మాట బాగుంది. కానీ మూలవిరాట్టు సంగతి? మా అర్చకులు గర్భాలయం వైపు ఫోన్ ఎత్తితే ఒప్పుకోరు. మా అత్తగారి ఊళ్లో మాత్రం పూజారే దగ్గరుండి తీయిస్తాడు. ఆగమంలో కెమెరా గురించి ఎక్కడుంది?

శఠారి
కెమెరా పేరు ఆగమంలో ఉండదు. తెర ఉంది కదా. తిరుమంజనం జరిగేటప్పుడు, అలంకారం పూర్తయ్యేదాకా తెర వేస్తాం. స్వామి స్నానం చేసి బట్ట కట్టుకునే సమయం అది. మన ఇంట్లో పెద్దాయన స్నానం చేస్తుంటే తలుపు తీసి చూస్తామా? తెర వేసి ఉన్నప్పుడు కంటికే అడ్డం ఉంటే, ఇక ఫోన్ ఎందుకు? నేను భక్తులకు ఇదే మాట చెప్తాను. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. తెర తీశాక మూలవిరాట్టును తీయొచ్చా లేదా అన్నది మాత్రం ఒక్కో గుడి సంప్రదాయం. అది మీ గుడి అర్చకులే చెప్పాలి, కమిటీ కాదు.

తాళం_చిప్పలు
స్వామీ, సంప్రదాయం సంప్రదాయం అంటే కుర్రాళ్లు వినడం లేదు. అక్కడ తీయనిచ్చి ఇక్కడెందుకు వద్దంటారని నిలదీస్తున్నారు.

శఠారి
"మా గుడి పద్ధతి ఇది నాయనా" అని చెప్పి ఊరుకోండి. ప్రతి ఇంట్లోనూ చెప్పులు ఒకేచోట విడుస్తారా? నేను పూజ చేసే గుళ్లో మూలవిరాట్టును తీయనివ్వను, నా మాట అదే. పక్క గుడి పద్ధతి తప్పని మాత్రం అనను.

సెక్షన్_సుధాకర్
పాటల విషయం ఎవరూ ఎత్తలేదు. కాపీరైట్ చట్టం 1957లో 52వ సెక్షన్ ఉంది. మతపరమైన వేడుకలో పాట పాడినా, రికార్డు వేసినా ఉల్లంఘన కాదు. కాబట్టి భజన వీడియో పెట్టుకోవడానికి ఎలాంటి అడ్డూ లేదు. పైగా అన్నమయ్య కీర్తనలు 500 ఏళ్ల నాటివి. ధైర్యంగా పెట్టండి.

హారతి_కెమెరా
సుధాకర్ గారూ, సగం వరకు మీరు చెప్పింది నిజమే. గుళ్లో పాడుకోవడానికి ఆ సెక్షన్ అండగా ఉంటుంది. దాన్ని వీడియో చేసి ఎప్పటికీ అందరికీ కనపడేలా ఛానల్లో ఉంచితే, అది కూడా ఆ వేడుకలో భాగమే అనడం కష్టం. అన్నమయ్య సాహిత్యం పాతదే. మనం పాడే వరసలు చాలామటుకు గత వందేళ్లలో కట్టినవి, వాటికి హక్కుదారులు ఉండొచ్చు. రికార్డింగులకైతే సరేసరి.

ఇంకో సంగతి. యూట్యూబ్‌లో పాటలు పోల్చి చూసేది యంత్రం. అది సెక్షన్లు చదవదు. మా గుళ్లో ఒకసారి భజనకు ముందు మైకులో సుప్రభాతం రికార్డు వేసి ఉంచారు, లైవ్ అప్పుడే మొదలుపెట్టాను. ఆ ముక్క పట్టుకుని క్లెయిమ్ వచ్చింది, వీడియోలో ఆ భాగానికి శబ్దం పోయింది. అప్పటినుంచి రికార్డు ఆపాకే లైవ్ పెడుతున్నాను. మనవాళ్లు సొంత గొంతుతో పాడినవాటికి మా ఛానల్లో ఇబ్బంది చాలా తక్కువ. అన్నట్టు క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ రాగానే భయపడి ఛానల్ మూసేసుకోకండి.

సెక్షన్_సుధాకర్
వరసల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. సెక్షన్ మీద మాత్రం నా అభిప్రాయం నాది. లైవ్ కూడా వేడుకలో భాగమేనని కోర్టులో వాదించొచ్చు.

పసుపు_గడప
వాదించేలోపు ధనుర్మాసం అయిపోతుంది సుధాకర్ గారూ 🙂
వాసూ, ఆ అమ్మాయి లాంటి వాళ్లకు ఏం చేయాలన్నది ముందు తేలాలి.

మృదంగం_వాసు
అదే ఆలోచిస్తున్నాను అక్కా. స్తంభం వెనకాల కెమెరా పడని చోట నాలుగు చాపలు వేసి, "వీడియోలో కనపడటం ఇష్టం లేనివారు ఇక్కడ కూర్చోండి" అని రాద్దామనుకున్నా.

పసుపు_గడప
అట్లా రాస్తే అక్కడ కూర్చునేదెవరు? కూర్చుంటే "ఈమెకేదో కథ ఉంది" అని ఊరంతా చూస్తుంది. మా ఆయన పోయాక మూడు నెలలు నేను ఏ కెమెరాకీ కనపడదలచుకోలేదు. అలాగని వెళ్లి విడిగా వేసిన చాప మీద కూర్చునేదాన్నా? ఇంట్లోనే ఉండిపోయేదాన్ని. నిజంగా అలాగే ఉండిపోయాను కూడా. అంతకుముందు గుళ్లో నేను ఏడుస్తుంటే ఎవరో తీసి, వెనకాల విషాదం పాట పెట్టి రీల్ చేశారు. మా కోడలు చూసి చెప్పింది.

చిత్తూరు_రమణి
అయ్యో అక్కా.

హారతి_కెమెరా
పసుపు_గడప గారు చెప్పింది అక్షరాలా నిజం. మేమూ ఆ పొరపాటు చేసి దిద్దుకున్నాం. ఇప్పుడు తిరగేశాం. గుడి మొత్తం కెమెరా పడని చోటే. కెమెరా పడేది ఉత్సవమూర్తులు, వాళ్ల ముందు పాడేవాళ్లు కూర్చునే రెండు చాపలు, అంతే. ఆ రెండు చాపల మీద ఇష్టమున్నవాళ్లే కూర్చుంటారు. మిగతావాళ్లు ఎక్కడ కూర్చున్నా ఎవరూ ఏమీ అడగరు, అనుకోరు.

దానికి ముందురోజు సాయంత్రం అరగంట పని ఉంటుంది. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా స్టాండుకు పెట్టండి. ఎడమ స్తంభం పక్కన, సుమారు నాలుగడుగుల ఎత్తులో, స్వామి వైపు కొంచెం ఏటవాలుగా. ఒక మనిషిని చాపల చివర్లలో కూర్చోబెట్టి, పక్కకు జరగమంటూ స్క్రీన్‌లో చూడండి. ఎక్కడ భుజం కనపడటం ఆగిపోయిందో అక్కడ నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. లేచి నిలబడి కూడా చూడాలి, కూర్చుంటే కనపడని మనిషి నిలబడితే కనపడతాడు. తీర్థానికి లేచినవాళ్లు గీత దాటి వస్తారు కాబట్టి హారతి కాగానే లైవ్ ఆపేయాలి. మేం మొదట్లో తీర్థం దాకా ఉంచేవాళ్లం, అక్కడే ముఖాలన్నీ పడేవి.

గాజులమండ్యం_కుర్రోడు
ఎవరైనా పడితే తర్వాత బ్లర్ చేయొచ్చు కదా?

హారతి_కెమెరా
చేయొచ్చు. YouTube Studio ఎడిటర్‌లో Blur ఉంది, ముఖం ఎంచుకుంటే అదే మసక చేస్తుంది. కానీ అది లైవ్ అయిపోయాక చేసే పని. లైవ్‌లో చూసినవాడు అప్పటికే స్క్రీన్‌షాట్ తీసి ఉంటే మనం చేసేదేం లేదు. వాసు చెప్పిన వీడియోలో ఆ పిల్ల కనపడింది నాలుగైదు సెకన్లే కదా.

చిత్తూరు_రమణి
మా తమ్ముడు Unlisted అని పెట్టి గ్రూపులో లింకు ఇస్తాడు. అప్పుడు బయటివాళ్లకు కనపడదు కదా?

హారతి_కెమెరా
వెతికితే దొరకదు తల్లీ. కానీ లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు, ఇంకొకరికి పంపొచ్చు. Public కన్నా ఎంతో మేలు. ఇంటి తాళం లాంటిది మాత్రం కాదు, దగ్గరికేసిన తలుపు లాంటిది. Private పెడితే మనం పిలిచిన గూగుల్ ఖాతాలకే కనపడుతుంది, కానీ మీ అమ్మగారి లాంటి వాళ్లకు అది సెట్ చేయడం తలనొప్పి. అందుకే Unlisted పెట్టి, ముఖాలు మాత్రం పడకుండా చూసుకోమంటాను. రెండూ కలిస్తేనే.

తాళం_చిప్పలు
పిల్లల సంగతో? గోదా కల్యాణం రోజు మా పాప ఆండాళ్ వేషం వేస్తుంది. ఆ వీడియో అందరికీ చూపించుకోవాలని నాకుంటుంది.

పసుపు_గడప
మీ పాపది మీరు పెట్టుకోండి, ఎవరు కాదంటారు? పక్కన గోపికలుగా నిలబడ్డ పిల్లలు ఉంటారు కదా, వాళ్ల అమ్మానాన్నలను ఒక మాట అడగండి. పేరు, స్కూలు పేరు మాత్రం రాయకండి.

తాళం_చిప్పలు
పదిహేను మంది పిల్లలుంటే పదిహేను ఇళ్లకూ తిరగాలా? నాకిది అతిగా అనిపిస్తోంది. స్టేజీ ఎక్కించినప్పుడే ఒప్పుకున్నట్టు కదా.

పసుపు_గడప
గుళ్లో నలుగురి ముందు ఆడటానికి ఒప్పుకున్నారు. ఊరూపేరూ తెలియనివాళ్ల ఫోన్లలో ఉండటానికి కాదు.

తాళం_చిప్పలు
ఏమో అక్కా, నాకింకా మనసుకు ఎక్కలేదు.

మృదంగం_వాసు
రాత్రి కూర్చుని రాశాను. బోర్డు వద్దనుకున్నాం. రోజూ భజన మొదలయ్యే ముందు మైకులో చెప్పే మాటగా రాశాను, ఇదే కాగితం చెప్పుల స్టాండు దగ్గర అంటిస్తాం. చూడండి:

"అందరూ సర్దుకుని కూర్చోండి. రాలేని పెద్దవాళ్ల కోసం మన మండలి తరఫున స్తంభం పక్కన ఒక ఫోన్ పెట్టి లైవ్ ఇస్తున్నాం. ముందున్న రెండు చాపలు మాత్రమే అందులో కనపడతాయి. ఇష్టమైనవాళ్లు అక్కడ కూర్చోండి, మిగతా గుడంతా మీదే. మీ ఇంట్లో చూసేవాళ్లుంటే లింకు పంపిస్తాం, కాబట్టి మీరు ఫోన్ పట్టుకుని చేతులు నొప్పి పెట్టుకోనక్కర్లేదు, తాళం వేయండి. తెర వేసి ఉన్నంతసేపూ స్వామికి అలంకారం జరుగుతుంది, అప్పుడు లైవ్ కూడా ఆపుతాం. హారతి అయ్యాక పది నిమిషాలు ఉత్సవమూర్తుల దగ్గర మీ ఇష్టం వచ్చినన్ని ఫొటోలు దిగండి. పక్కవాళ్లు పడితే వాళ్లనొక మాట అడిగి పంపించండి. ఎవరి కష్టం ఏమిటో మనకు తెలియదు. ఏ వీడియోలోనైనా మీరు కనపడి, తీసేయమంటే వాసుకు చెప్పండి. ఎందుకని అడగడు, ఆ పూటే తీసేస్తాడు."

శఠారి
బాగుంది. మూలవిరాట్టు మాట లేదేం?

మృదంగం_వాసు
మా స్వామివారిని అడిగాను. ఆయనే ఆ సమయంలో నోటితో చెప్తానన్నారు. అందుకే కాగితంలో పెట్టలేదు.

హారతి_కెమెరా
ఒక్క మార్పు. "ఆ పూటే తీసేస్తాడు" దగ్గర, "మన ఛానల్ నుంచి" అని చేర్చు. ఇంకొకరు దాచుకున్నది, ముందుకు పంపినది నువ్వు తీయలేవు. తీయగలవనుకుని ఎవరూ ధీమాగా ఉండకూడదు.

మృదంగం_వాసు
చేర్చాను అన్నా.

గాజులమండ్యం_కుర్రోడు
మా మండలిలో కూడా ఇది చదవొచ్చా? పేరు మార్చుకుంటాను.

మృదంగం_వాసు
నిరభ్యంతరంగా. పోయిన సంవత్సరం లైవ్ పెట్టిన కుర్రాడికే ఈసారి స్టాండు బాధ్యత ఇచ్చాం. నిన్న సాయంత్రం వాడే వచ్చి సుద్దగీత గీశాడు. నన్ను నాలుగు మూలలా కూర్చోబెట్టి, నిలబెట్టి, మూడుసార్లు చెరిపి గీశాడు. పల్లవి ఎత్తుకునే అక్కకు మైకు కాగితం ఇచ్చి, మీరే చదవాలని అడిగాను. రేపు చెప్తానంది.

చిత్తూరు_రమణి
వాసన్నా, ఎడమ స్తంభం దగ్గర ఏటవాలుగా పెడితే ఆండాళ్ అమ్మవారి మాల సగమే కనపడుతుంది. మా గుళ్లో అట్లే అయితే అమ్మ రోజూ "మాల ఏదే?" అని అడిగేది. స్టాండు ఒక అడుగు ముందుకు జరిపి చూడమనండి.

మృదంగం_వాసు
జరిపించాను అక్కా. మాల మొత్తం పడింది. గీత మళ్లీ గీస్తున్నాడు.